నెట్, టీవీ కలిపిన ప్యాకేజీ తీసుకునే ముందు వేసుకోవాల్సిన లెక్క

పోయిన జూన్‌లో మా చెల్లి వాళ్ళు విజయవాడలోనే ఇల్లు మారి భవానీపురం వచ్చారు. అట్టపెట్టెలు ఇంకా విప్పకముందే వాట్సాప్‌లో మూడు ఫొటోలు పంపింది. ఒకటి వీధి కేబుల్ ఆయన తెల్లకాగితం మీద రాసిచ్చిన లెక్క. రెండోది ఒక పెద్ద కంపెనీ పాంప్లెట్. మూడోది పక్కింటావిడ వాడే నెట్ బిల్లు. కింద "అన్నయ్యా, వీటిలో ఏది చవకో చెప్పు, సాయంత్రంలోపు డబ్బు కట్టాలట" అని మెసేజ్.

చూడగానే చెప్పలేకపోయాను. ఒకదాంట్లో ధర పన్నుతో ఉంది, ఒకదాంట్లో పన్ను లేకుండా. ఒకటి నెలకి, ఒకటి ఏడాదికి. ఒకదాంట్లో టీవీ ఉంది, ఒకదాంట్లో లేదు. ఇలాంటి మూడు కాగితాలు పక్కపక్కన పెడితే పెద్ద అక్షరాల్లో ఉన్నదే కంటికి చవగ్గా కనిపిస్తుంది. ఆ సాయంత్రం డబ్బు కట్టొద్దని చెప్పి, రెండు రోజులు కూర్చుని లెక్క వేశాం. ఆ లెక్కే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. స్పీడు, డేటా పరిమితి, ఇన్‌స్టలేషన్ చార్జీ, కాంట్రాక్ట్ గడువు అని నాలుగు విషయాలు చెబుతారు గానీ, నా అనుభవంలో అవి రెండు జంటలు. స్పీడుని డేటా పరిమితితో కలిపి చూడాలి. ఇన్‌స్టలేషన్ చార్జీని గడువుతో కలిపి చూడాలి. విడివిడిగా చూస్తే ప్రతి కంపెనీకీ ఏదో ఒక దాంట్లో మొదటి ర్యాంకు వస్తుంది.

మొదటి పని: మూడు ధరల్నీ ఒకే రూపంలోకి తేవడం

నెట్ మీదా, కేబుల్ మీదా జీఎస్టీ 18 శాతం. పాంప్లెట్ మీద "899 మాత్రమే" అని ఉంటే పక్కన చిన్న అక్షరాల్లో "+ ట్యాక్స్" ఉందేమో వెతకండి. ఉంటే అది 1,061 రూపాయలు. వీధి ఆపరేటర్ మాత్రం మామూలుగా "అన్నీ కలిపి ఇంత" అంటాడు. ఆ రెంటినీ నేరుగా పోల్చకూడదు. మా చెల్లి దగ్గరున్న మూడింటినీ సరిచేస్తే ఇలా తేలాయి:

- మొదటిది, వీధి ఆపరేటర్ ప్యాకేజీ: కేబుల్ టీవీ, 50 ఎంబీపీఎస్ నెట్ కలిపి నెలకి 650, పన్నుతో సహా. నెలకి 500 జీబీ, అది దాటితే స్పీడు 2 ఎంబీపీఎస్. వైరు లాగినందుకు 500. కాంట్రాక్ట్ లేదు, నెలనెలా కట్టడమే.
- రెండోది, పెద్ద కంపెనీ ప్యాకేజీ: 100 ఎంబీపీఎస్, 3,300 జీబీ, నెట్ మీదే వచ్చే టీవీ బాక్సుతో నెలకి 1,061. ఏడాది డబ్బు ముందే కడితే ఇన్‌స్టలేషన్ ఉచితం. నెలనెలా కడితే ఇన్‌స్టలేషన్‌కి పన్నుతో 1,180. బాక్సుకి వెనక్కిచ్చే డిపాజిట్ 1,500.
- మూడోది, పక్కింటావిడ తరహా: నెట్ ఒక్కటే, 40 ఎంబీపీఎస్, 3,300 జీబీ, పన్నుతో 589. ఇన్‌స్టలేషన్ 590. కనీసం మూడు నెలలు ఉండాలి. టీవీకి విడిగా వీధి కేబుల్, నెలకి 300.

ఇవి ఆ వీధిలో ఆ వారం చెప్పిన ధరలు. మీ వీధిలో వేరేగా ఉంటాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

రెండో పని: మీ ఇంట్లో నెలకి ఎంత డేటా ఖర్చవుతుందో తెలుసుకోవడం

పాత కనెక్షన్ ఉన్నవాళ్ళకి ఇది ఐదు నిమిషాల పని. ఆ కంపెనీ యాప్‌లో నెలవారీ వాడకం ఉంటుంది. మూడు నెలలది చూడండి, ఒక్క నెల చూస్తే పొరపాటు పడతారు. మా చెల్లి యాప్‌లో 440, 470, 530 జీబీ అని ఉన్నాయి.

యాప్ లేకపోతే చేత్తోనే అంచనా వేయొచ్చు. ఓటీటీలో హెచ్‌డీ సినిమా గంటకి దాదాపు 3 జీబీ, 4కే అయితే 7 జీబీ దాకా తింటుంది. ఫోన్లో చూసే వీడియోలకి అంతకంటే బాగా తక్కువ. ఆఫీసు వీడియో కాల్‌కి గంటకి ఒక జీబీ వేసుకోండి. మా బావ రోజుకి నాలుగు గంటలు కాల్స్‌లో ఉంటాడు, నెలకి 22 పనిరోజులు, అంటే 90 జీబీ. మేనల్లుడి యూట్యూబ్ రోజుకి రెండు గంటలు, గంటకి ఒకటిన్నర జీబీ చొప్పున అది ఇంకో 90. మూడు ఫోన్లు రోజుకి ఒకటిన్నర జీబీ చొప్పున 135. శని, ఆదివారాల్లో టీవీలో 4కే సినిమాలు నెలకి ఎనిమిది, అవి 140. మొత్తం 455. మేనల్లుడు కొత్త గేమ్ దించిన నెలలో దాని మీద ఇంకో 60. యాప్‌లో 530 ఎందుకు వచ్చిందో అప్పుడర్థమైంది.

అంటే మొదటి ప్యాకేజీలోని 500 జీబీ వీళ్ళకి సరిగ్గా అంచు మీద ఉంది. మామూలు నెలలో సరిపోతుంది, గేమ్ వచ్చిన నెలలో 27వ తేదీకో 28కో ఆగిపోతుంది. "అన్‌లిమిటెడ్" అన్న మాట మూడు కాగితాల మీదా ఉంది మరి. ఆ మాటకి అర్థం కనెక్షన్ తెగిపోదు అని మాత్రమే. స్పీడు తగ్గకుండా ఎంతవరకు వస్తుందన్నది ఎఫ్‌యూపీ అనే గీత చెబుతుంది. అడగాల్సిన ప్రశ్న "అన్‌లిమిటెడేనా?" కాదు, "ఎన్ని జీబీల తర్వాత స్పీడు ఎంతకి పడుతుంది?" అని.

పడిన తర్వాత స్పీడు ఎంతన్నది చాలామంది అడగరు. మన దేశంలో కనీసం 2 ఎంబీపీఎస్ ఉంటేనే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనాలని 2023లో నిర్వచనం మార్చారు. అంతకుముందు 512 కేబీపీఎస్ ఉంటే చాలు. 2 ఎంబీపీఎస్‌లో వాట్సాప్ నడుస్తుంది, యూపీఐ నడుస్తుంది, ఒకరు మామూలు క్వాలిటీలో వీడియో చూడొచ్చు. ఒక్క జీబీ దిగడానికి మాత్రం గంటా ఏడు నిమిషాలు పడుతుంది. ఇంట్లో ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే ఇక గొడవే.

స్పీడుకీ, పరిమితికీ ఉన్న లంకె కూడా ఇక్కడే చూడొచ్చు. ఎంబీపీఎస్‌ని ఎనిమిదితో భాగిస్తే సెకనుకి ఎన్ని ఎంబీలు దిగుతాయో వస్తుంది. 50 ఎంబీపీఎస్ అంటే సెకనుకి ఆరుంబావు ఎంబీ. ఆ వేగంతో ఆపకుండా దించితే 500 జీబీ 22 గంటల్లో అయిపోతుంది. నెలంతా వాడుకోవడానికి ఇచ్చిన డేటా, పూర్తి వేగంతో ఒక్క రోజుకి కూడా రాదు! అందుకే పరిమితి పెంచకుండా స్పీడు రెట్టింపు చేస్తామంటే పెద్దగా మురిసిపోనక్కర్లేదు.

ఇంకో మెలిక టీవీ వైపు నుంచి వస్తుంది. మా చెల్లి అత్తగారు రోజుకి ఆరు గంటలు సీరియళ్ళు చూస్తారు. కేబుల్ వైరు మీద చూస్తే నెట్ డేటా చుక్క కూడా ఖర్చవదు. అదే ఛానెళ్ళు నెట్ మీద యాప్‌లో హెచ్‌డీలో చూస్తే, గంటకి 3 జీబీ చొప్పున నెలకి 540 జీబీ. ఆవిడ ఒక్కరి సీరియళ్ళే ఇంటిల్లిపాది వాడకాన్ని దాటేస్తాయి. కొన్ని కంపెనీలు తమ బాక్సులో వచ్చే ఛానెళ్ళని డేటా లెక్కలోంచి తీసేస్తాయి, కొన్ని తీయవు. కలిపిన ప్యాకేజీ ఏదైనా సరే, ఈ ప్రశ్న అడగకుండా డబ్బు కట్టొద్దు. 3,300 జీబీ ఉన్న ప్యాకేజీకి ఇది పెద్ద లెక్క కాదు, 500 ఉన్నదానికి మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

మూడో పని: రాత్రి తొమ్మిదింటికి పక్కింటికి వెళ్ళడం

కాగితం మీద రాసిన స్పీడు గరిష్ఠం. వీధిలోకి వచ్చే ఒక ఫైబర్‌ని చిన్న స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. మధ్యాహ్నం అందరూ ఆఫీసుల్లో ఉన్నప్పుడు టెక్నీషియన్ ఫోన్లో చూపించే స్పీడు ఎప్పుడూ బ్రహ్మాండంగానే ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక అందరూ ఒకేసారి వీడియోలు పెట్టినప్పుడు తెలుస్తుంది, ఆపరేటర్ పైనుంచి ఎంత బ్యాండ్‌విడ్త్ కొన్నాడో.

అందుకని అదే కనెక్షన్ ఉన్న ఇల్లు మీ వీధిలో వెతకండి. రాత్రి తొమ్మిది, పది మధ్య వెళ్ళి, రౌటర్ ఉన్న గదిలోనే నిలబడి చూడండి. ఫోన్ బ్రౌజర్‌లో `fast.com` తెరిస్తే చాలు. ఇది నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచి కొలుస్తుంది కాబట్టి, బయటి వీడియో మీ దాకా ఎంత వేగంగా వస్తుందో చెబుతుంది. టెక్నీషియన్లు చూపించే యాప్ ఒక్కోసారి ఆపరేటర్ సొంత సర్వర్ నుంచే కొలుస్తుంది, అప్పుడు అంకె ఘనంగా వస్తుంది. కింద `Show more info` నొక్కితే అప్‌లోడ్ కూడా కనిపిస్తుంది. ఇంటినుంచి పనిచేసేవాళ్ళకి అప్‌లోడే ముఖ్యం. అవతలివాళ్ళకి మన మొహం, గొంతు వెళ్ళేది దాని మీదే.

మా చెల్లి రెండిళ్ళకి వెళ్ళింది. వీధి ఆపరేటర్ 50 ఎంబీపీఎస్ రాత్రి తొమ్మిదింటికి 18 చూపించింది, అప్‌లోడ్ 4. పక్కింటావిడ 40 మాత్రం 38 చూపించింది, అప్‌లోడ్ కూడా దాదాపు అంతే. పెద్ద కంపెనీ కనెక్షన్ ఆ వరసలో ఎవరికీ లేదు.

ఒక్క జాగ్రత్త. తక్కువ వచ్చిందంటే తప్పు ఎప్పుడూ లైనుది కాదు. పాత సింగిల్ బ్యాండ్ రౌటర్లు 2.4 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే పనిచేస్తాయి. ఎన్నో ఇళ్ళున్న అపార్ట్‌మెంట్‌లో వాటి మీద 30, 40 దాటి రావడం కష్టం. 100 ప్లాన్ తీసుకుని సింగిల్ బ్యాండ్ రౌటర్ పెట్టించుకుంటే ఆ తేడా డబ్బు కాలవలో పోసినట్టే. "రౌటర్ డ్యూయల్ బ్యాండా?" అని ముందే అడగండి. వీధి ఆపరేటర్ దగ్గర చూసినప్పుడు అనుమానం తీరడానికి ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి కూడా కొలిచాం. 20 వచ్చింది. అంటే లోపం వైఫైది కాదు, లైనుదే.

నాలుగో పని: టీవీ ఏ దారిలో వస్తుందో చూడడం

"250 ఛానెళ్ళు" అన్న అంకెని పక్కన పెట్టి, ఇంట్లో నిజంగా చూసేవి ఒక కాగితం మీద రాయండి. మా చెల్లి ఇంట్లో పదకొండు తేలాయి. వాటిలో నాలుగు తెలుగు సీరియల్ ఛానెళ్ళు, రెండు వార్తలు, ఒక స్పోర్ట్స్, మిగతావి సినిమా, పిల్లలవి. ఆ పదకొండూ ప్యాకేజీలో ఉన్నాయో లేదో, స్పోర్ట్స్ హెచ్‌డీలో వస్తుందో లేదో అడిగితే చాలు.

కేబుల్ బిల్లులో ఛానెళ్ళ ధర కాకుండా నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు అని ఒకటి ఉంటుంది. దానికి టెలికాం, కేబుల్ రంగాల్ని నియంత్రించే ట్రాయ్ చాలాకాలం 130 రూపాయల పరిమితి పెట్టింది, పన్నుతో 153.40. 2024లో ఆ పరిమితి ఎత్తేసింది. ఇన్‌స్టలేషన్, యాక్టివేషన్ చార్జీల మీద ఉన్న పరిమితులు కూడా అప్పుడే పోయాయి. ఆపరేటర్లు తమ ధరలు తాము ప్రకటించుకోవచ్చు. కాబట్టి "గవర్నమెంట్ రేటు ఇంతేగా" అని వాదించే రోజులు పోయాయి, ప్రకటించిన ధరల పట్టిక చూపించమని అడగడమే మిగిలింది.

అసలు తేడా వైరులో ఉంది. టీవీ నెట్ మీదే వస్తే, నెట్ పోయినప్పుడు టీవీ కూడా పోతుంది. కేబుల్ విడిగా ఉంటే ఒకటి పోయినా ఇంకోటి మిగులుతుంది. సీరియల్ క్లైమాక్స్‌లో నెట్ పోయి, టీవీ కూడా ఆగితే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో నేను ఊహించగలను. ఒకే ఫైబర్ మీద నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇవ్వడం మనకి కొత్తేమీ కాదు. 2017 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫైబర్‌నెట్‌ని 149 రూపాయల ప్యాకేజీతో ఆ పద్ధతిలోనే తెచ్చింది. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, ఇంటిదాకా అందించే పని వీధి కేబుల్ ఆపరేటర్లకే అప్పగించింది. ఎవరి ప్యాకేజీ అయినా చివరి వంద మీటర్ల వైరు తెగితే నిచ్చెన వేసుకుని ఎవరొస్తారు అన్నది అందుకే అడగాలి. వీధి ఆపరేటర్ అయితే గంటలో వస్తాడు, ఆ విషయంలో ఆయనకి సాటి లేరు.

టీవీ చూడడం బాగా తక్కువైన ఇంట్లో డీడీ ఫ్రీ డిష్‌ని కూడా లెక్కలోకి తీసుకోండి. గొడుగు, బాక్సు ఒకసారి కొంటే నెలనెలా కట్టేదేమీ లేదు. ఇష్టమైన సీరియళ్ళన్నీ మాత్రం అందులో రావు.

ఐదో పని: మీరు ఉండే నెలలతో లెక్క కట్టడం

ఇన్‌స్టలేషన్ ఉచితం అన్నారంటే ఆ డబ్బు గడువులో దాచారని అర్థం. మీరు మధ్యలో వెళ్ళిపోతే నష్టం ఎవరిదన్నదే ఈ రెండు అంకెల వెనకున్న ప్రశ్న. ఫీజు ముందే తీసుకుంటే మీరు ఎప్పుడు వెళ్ళినా కంపెనీకి బాధ లేదు. తీసుకోకపోతే ఏడాదిపాటు మిమ్మల్ని కట్టిపడేస్తుంది.

అందుకే కంపెనీ చెప్పిన నెలలతో కాకుండా, మీరు ఆ ఇంట్లో ఉండే నెలలతో లెక్క కట్టాలి. అద్దె ఒప్పందం మామూలుగా పదకొండు నెలలకి రాస్తారు, ప్యాకేజీ పన్నెండు నెలలకి అమ్ముతారు. ఆ ఒక్క నెల ఎప్పుడూ మన నెత్తినే పడుతుంది.

పదకొండు నెలలకి మా లెక్క ఇది. మొదటిది, 650 చొప్పున 7,150, వైరుకి 500, మొత్తం 7,650. కేబుల్ సెట్‌టాప్ బాక్సు పాత ఇంటిదే అదే నెట్‌వర్క్‌లో పనికొచ్చింది కాబట్టి దానికి డబ్బు వేయలేదు. మీకు లేకపోతే కలుపుకోండి. ఒక నెట్‌వర్క్ బాక్సు ఇంకో నెట్‌వర్క్‌లో పనిచేయదని కూడా గుర్తుంచుకోండి. మూడోది, నెట్‌కి 6,477, ఇన్‌స్టలేషన్ 590, కేబుల్‌కి 3,300, మొత్తం 10,367.

రెండోదాంట్లోనే ఉంది సరదా. ఏడాది ముందే కడితే 12,730, ఇన్‌స్టలేషన్ ఉచితం. నెలనెలా కడితే పదకొండు నెలలకి 11,669, ఇన్‌స్టలేషన్ 1,180, మొత్తం 12,849. రెండింటికీ తేడా 119 రూపాయలు! "1,180 ఆదా" అని పాంప్లెట్‌లో పెద్దగా వేసిన లాభం, పదకొండో నెలలో ఇల్లు మారితే 119కి దిగిపోయింది. పది నెలలకే మారితే నెలనెలా కట్టడమే 942 రూపాయలు చవక. ఏడాది కడితే ఒక నెల ఫ్రీ అన్న ఆఫర్ కూడా ఉంది, కానీ ఆ పదమూడో నెలలో ఆ ఇంట్లో ఉండేది వేరే కుటుంబం.

సొంతిల్లయితే ఈ లెక్క తిరగబడుతుంది. రెండేళ్ళు, మూడేళ్ళు కదలరు కాబట్టి ఏడాది కట్టడంలో తప్పులేదు. అయినా మొదటి మూడు నెలలు నెలనెలా కట్టి, రాత్రి స్పీడు చూసుకున్నాక ఏడాదికి మారమంటాను నేను. ఇన్‌స్టలేషన్ డబ్బు అప్పుడు తిరిగిరాదు, కానీ పనికిరాని లైనుకి ఏడాది కట్టేయడం కంటే నయం.

చివరికి మా చెల్లి మూడోది తీసుకుంది. మొదటిదానికంటే నెలకి 247 రూపాయలు ఎక్కువ. మా బావకి రాత్రి తొమ్మిదింటికి అమెరికా కాల్స్ ఉంటాయి, 4 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో, అదీ ఇంట్లో మిగతావాళ్ళు వాడుతుండగా, అవి నడవవు. ఆ ఉద్యోగం లేకపోతే కళ్ళు మూసుకుని వీధి ఆపరేటర్ ప్యాకేజీయే తీసుకోమనేవాణ్ణి.

డబ్బు కట్టే రోజు, తీసేసే రోజు

ఫోన్లో చెప్పిన ప్రతిమాటా వాట్సాప్‌లో రాయించుకోండి. ఎన్ని జీబీ, తర్వాత ఎంత స్పీడు, డిపాజిట్ ఎప్పుడు వెనక్కిస్తారు, ఇల్లు మారితే షిఫ్టింగ్‌కి ఎంత, కొత్త ఏరియాలో లైను లేకపోతే మిగిలిన నెలల డబ్బు ఇస్తారా. చివరి ప్రశ్నకి చాలామంది నీళ్ళు నములుతారు. అదే జవాబనుకోండి.

టెక్నీషియన్ వచ్చినప్పుడు వైరు ఎక్కణ్ణుంచి లోపలికొస్తే అక్కడే రౌటర్ బిగించేసి వెళ్ళాలని చూస్తాడు, అంటే గుమ్మం పక్కన. ఇంటి మధ్యలోకి ఇంకో పది మీటర్ల వైరు లాగించండి, అదనంగా అడిగితే ఇవ్వండి. వెళ్ళేముందు ఫైబర్ సిగ్నల్ ఎంత ఉందో మీటర్‌లో చూపించమనండి. మైనస్ 15కీ మైనస్ 25కీ మధ్య ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దాటితే వానాకాలంలో రౌటర్ మీద సిగ్నల్ పోయిందని చెప్పే `LOS` అనే ఎర్ర లైటు తరచూ చూస్తారు. వైరు మళ్ళీ అతికించేదాకా సంతకం పెట్టకండి.

రౌటర్ మీద, టీవీ బాక్సు మీద ఉన్న సీరియల్ నంబర్‌ని అప్పుడే ఫొటో తీసుకోండి. రెండేళ్ళ కింద నేను ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రౌటర్, టీవీ బాక్సు రెండూ వచ్చిన కుర్రాడి చేతికిచ్చి పంపేశాను. రసీదు అడగలేదు, మొహమాటం. రెండు నెలల తర్వాత బాక్సు మాకు అందలేదని, డిపాజిట్ 1,500 పట్టుకున్నామని కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. ఆ కుర్రాడు అప్పటికే ఉద్యోగం మానేశాడట. ఇప్పుడు మా చెల్లి ఇంట్లో రౌటర్ సీరియల్ నంబర్ ఫొటో నా ఫోన్లో కూడా ఉంది.